రాలిపోయిన రెండు చుక్కలు

ఆ శనివారం మధ్యాహ్నం డ్యూటీ దిగి, లిఫ్ట్ కోసం నిలబడ్డాను. లిఫ్ట్ పక్కన నోటీసు బోర్డు. అద్దం తలుపు వెనక కొత్తగా ఓ కాగితం పెట్టారు. అంతా అరబీలోనే ఉంది. సౌదీ వచ్చి నాలుగేళ్లయినా నాకొచ్చిన అరబీ అంతా పేషెంట్‌తో మాట్లాడే అరబీయే. నొప్పి ఎక్కడ, చెయ్యి చాపు, ఊపిరి పీల్చు, అంతవరకే. చదవడం రాదు. అంకెలు మాత్రం గుర్తుపడతాను.

అలవాటుగా ఫోన్ తీసి ఫొటో కొట్టాను. అనువాదం నొక్కితే రెండు క్షణాల్లో కాగితం మీద తెలుగు అక్షరాలు వచ్చి కూర్చున్నాయి. "సర్క్యులర్: నీటి ట్యాంకులు. ఆదివారం తెల్లవారుజామున 2 నుంచి 5 వరకు. నిర్వహణ విభాగం."

మాది డయాలసిస్ యూనిట్. నీళ్లు అన్న మాట కనపడితే మేం ఊరుకోం. అందుకే అక్కడే ఆగి ఆలోచించాను. ట్యాంకుల దగ్గర ఏదో రిపేరు చేస్తారు, నీళ్లు ఆపుతారు, అయిదింటికి మళ్లీ వదులుతారు. మా మొదటి బ్యాచ్ ఏడింటికి. ఇంకేం ఇబ్బంది? యూనిట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెట్టేశాను. "రేపు తెల్లవారుజామున వాటర్ ఆపుతారట. 5కి వచ్చేస్తుంది. మన షిఫ్టుకి సమస్య లేదు." కింద ఆరుగురు బొటనవేలు బొమ్మలు పెట్టారు. నోటీసులో "ఆపుతారు" అన్న మాటే లేదు. అది నేను కలిపిందే. నా భాషలో కనపడేసరికి అంత నమ్మకం వచ్చేసింది మరి.

ఇక్కడ మా పని గురించి కాస్త చెప్పాలి. కిడ్నీలు పనిచేయని మనిషి రక్తాన్ని మెషీన్‌లో పలచటి పొరకి ఒకపక్క పారిస్తాం. రెండోపక్క శుద్ధి చేసిన నీటితో కలిపిన ద్రావణం పారుతుంది. నిమిషానికి అర లీటరు చొప్పున నాలుగు గంటలంటే 120 లీటర్లు. మనం తాగే రెండు మూడు లీటర్లు పేగుల గుండా, కాలేయం గుండా వెళతాయి. ఆ 120 లీటర్లకీ రక్తానికీ మధ్య ఉండేది ఆ పొర ఒక్కటే. నీటిలో క్లోరిన్ ఉంటే ఆ పొర దాటి ఎర్రకణాలను పగలగొడుతుంది. గొట్టంలో రక్తం ముదురు ద్రాక్షరసంలా మారుతుంది. పేషెంట్‌కి నడుంనొప్పి, ఛాతీనొప్పి, ఆయాసం వస్తాయి. పగిలిన కణాల్లోంచి పొటాషియం బయటపడి గుండె మీదకి వస్తుంది.

అందుకే మున్సిపాలిటీ నీరు మెషీన్‌కి చేరేలోపు రెండు కార్బన్ ట్యాంకుల గుండా వెళుతుంది. వాటిలో బొగ్గు గుండ ఉంటుంది, క్లోరిన్‌ని పట్టేస్తుంది. ఆ తర్వాత ఆర్.ఓ. పొర. చాలామంది ఆర్.ఓ. ఉందిగా, భయమేంటి అనుకుంటారు. క్లోరిన్ విషయంలో ఆర్.ఓ.ని నమ్ముకోకూడదు. పైగా క్లోరిన్ తగిలితే ఆ పొరే పాడవుతుంది. బరువంతా బొగ్గు మీదే. ప్రతి బ్యాచ్ మొదలుపెట్టే ముందు మొదటి బొగ్గు ట్యాంకు దాటాక నీళ్లు పట్టి, స్ట్రిప్‌తో పరీక్షించాలి. మొత్తం క్లోరిన్ లీటరుకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. తాగేనీటిలో దానికి కొన్ని రెట్లున్నా ఎవరికీ ఏమీ కాదు.

ఆదివారం పొద్దున అయిదున్నరకే వెళ్లాను. ఇక్కడ శుక్ర, శనివారాలు సెలవులు. ఆది, మంగళ, గురువారాల బ్యాచ్‌వాళ్లకి గురువారం తర్వాత మళ్లీ ఆదివారమే. వాళ్లకి వారంలో అదే పెద్ద ఎడం. ఒంట్లో నీరు, పొటాషియం పేరుకుని వస్తారు. అందులో ఓ పెద్దాయన ఉన్నాడు. మేమంతా బాబా అంటాం. ఫజర్ నమాజు అయ్యీ అవగానే కొడుకు వీల్‌చైర్‌లో తోసుకొస్తాడు. ఆరోజు కాళ్లు పొంగి, మాట మాటకీ ఆయాసపడుతున్నాడు. "యా సిస్టర్, త్వరగా ఎక్కించు" అన్నాడు.

నిజం చెప్పొద్దూ, అలాంటి రోజుల్లో స్ట్రిప్ పరీక్ష మొక్కుబడిగా అనిపిస్తుంది. మూడేళ్లుగా రోజూ చేస్తున్నా. ఎప్పుడూ రంగు మారలేదు. సిస్టమ్ ఆన్ చేసి కనీసం పావుగంట పారనివ్వాలి, అప్పుడే నీళ్లు పట్టాలి. ఆ పావుగంట బాబా ఆయాసం వింటూ నిలబడటం మాటలు కాదు. నిలబడ్డాను. నీళ్లు పట్టాను. స్ట్రిప్ ముంచాను.

రంగు వచ్చింది.

గడువు దాటిన స్ట్రిప్ అనుకుని డబ్బా తిప్పి చూశాను. బాగానే ఉంది. ఇంకోటి ముంచాను. మళ్లీ రంగే. చార్టు పక్కన పెడితే 0.5 గడికీ 1 గడికీ మధ్యలో ఉంది. మా కొట్టాయం అమ్మాయిని కేకేశాను. "చేచీ, ఇది నిజమేనా?" అంటూ తనూ చేసింది. అదే.

మొదటి ట్యాంకు దాటాక క్లోరిన్ కనపడితే రెండో ట్యాంకు తర్వాత చూడాలి. అక్కడ 0.1 లోపు ఉంటే డాక్టరుకి చెప్పి, పరీక్షలు దగ్గర దగ్గరగా చేసుకుంటూ పని నడపవచ్చు. రెండోచోట కూడా రంగు వచ్చింది. లేత రంగే కానీ 0.2 దగ్గర ఉంది. ఇక ఆలోచించేదేం లేదు. ఎవరినీ మెషీన్‌కి తగిలించకూడదు. ఆర్.ఓ. ఆపేసి హెడ్ నర్సుకి ఫోన్ చేశాను. ఆవిడ మనీలా మనిషి, నిదానస్తురాలు. "ఆపు. నేనొస్తున్నా" అని మాత్రం అంది.

ఎనిమిది మంది పేషెంట్లు. ఎందుకు ఆపారని ఎనిమిది గొంతులు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి! అప్పుడు గుర్తొచ్చింది నోటీసు. ఫోన్ తీసి, ఆ ఫొటోనే బాబా ముందు పెట్టాను. అనువాదం కాదు, అసలు ఫొటో. ఆయన కళ్లజోడు సరిచేసుకుని మొదటి మాట చదివాడు. "తాఖీమ్."

"తామీమ్ కదా బాబా?" అన్నాను. ఆసుపత్రిలో సగం కాగితాల మీద పైన ఉండే మాట అది. సర్క్యులర్ అని అర్థం.

"లా, లా. తాఖీమ్." అంటూ చేతులు రుద్దుకుని శానిటైజర్ రాసుకున్నట్టు చూపించాడు. క్రిములు లేకుండా చేయడం! తర్వాత ఫొటోలో కింద తెల్లగా మెరుస్తున్న చోట వేలు పెట్టి, "ఇక్కడ ఇంకో వరుస ఉంది, కనపడట్లేదు" అన్నాడు. కొడుకు లిఫ్ట్ దగ్గరికి పరుగెత్తి చదివొచ్చాడు. ఆ వరుసలో ఉంది క్లోరిన్ మాట.

తర్వాత తీరిగ్గా అర్థమైంది. అరబీలో ఆ రెండు మాటలకీ ఒక్క అక్షరమే తేడా. మధ్యలో మీమ్ ఉంటే తామీమ్, ఖాఫ్ ఉంటే తాఖీమ్. మాట మధ్యలో వచ్చినప్పుడు మీమ్ ఓ చిన్న సున్నలా ఉంటుంది. ఖాఫ్ కూడా దాదాపు అలాంటి సున్నే, పైన రెండు చుక్కలు ఎక్కువ. మన 'ష'లో గీత చెరిగిపోతే 'ప' అయిపోయినట్టు, ఆ చుక్కలు పోతే ఖాఫ్ మీమ్‌లా కనపడుతుంది. నేను అద్దంలోంచి పక్కకి వంగి తీసిన ఫొటోలో చుక్కలు పోయాయి. తప్పుడు మాట వచ్చి ఉంటే అనుమానించేదాన్నే. సర్క్యులర్ అనేది నోటీసు నెత్తిన ఉండాల్సిన మాటే కదా! కింది వరుస మీద ట్యూబ్‌లైట్ మెరుపు పడింది. అనువాదం ఆ వరుసని వదిలేసింది. ఇక్కడ ఏదో ఉంది, చదవలేకపోయాను అని చెప్పలేదు. రోజు, టైము సరిగ్గా వచ్చాయి కాబట్టి మిగతాదీ సరే అనుకున్నాను.

ట్యాంకు కడిగేటప్పుడు మామూలుగా లీటరుకు 50 మిల్లీగ్రాముల దాకా క్లోరిన్ కలిపి, కాసేపు ఉంచి, మొత్తం వదిలేసి, మంచినీళ్లతో జాడించాలి. ఆ జాడింపు సరిగ్గా జరగలేదు. మా బొగ్గు రోజూ వచ్చే కొద్దిపాటి క్లోరిన్‌కి సరిపోతుంది కానీ ఒక్కసారిగా వచ్చినదాన్ని పట్టలేకపోయింది. నిర్వహణవాళ్లు డయాలసిస్‌కి విడిగా ఫోన్ చేసి చెప్పాల్సింది. చెప్పలేదు. బోర్డు మీద కాగితం పెట్టి ఊరుకున్నారు. ఆ కాగితం చదివాననుకున్న మనిషిని నేను.

బాబాకి రక్తపరీక్ష చేస్తే పొటాషియం 6.6. ఈసీజీలో మార్పులు మొదలయ్యాయి. కాల్షియం ఇంజెక్షన్, గ్లూకోజ్‌తో ఇన్సులిన్ ఇచ్చి, అంబులెన్సులో వేరే ఆసుపత్రికి డయాలసిస్‌కి పంపాం. మరొకావిడనీ పంపాం. మిగిలిన ఆరుగురూ ఆగగలిగారు. ఇంజినీరు ట్యాంకులు ఖాళీ చేయించి, నింపించి, లైన్లన్నీ వదిలించాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి రెండో ట్యాంకు తర్వాత రంగు పోయింది. ఇద్దరం వేర్వేరుగా రెండుసార్లు చూసి రెండింటికి మొదలుపెట్టాం. ఆరోజు గంటగంటకీ పరీక్ష చేశాం. బొగ్గు రాత్రే మార్చారు.

సాయంత్రం సంఘటన రిపోర్టు రాయాలి. "నోటీసు గురించి ముందే తెలుసా?" అన్న గడి దగ్గర చెయ్యి ఆగింది. తెలియదని రాసినా అడిగేవాళ్లు లేరు, గ్రూపులో మెసేజ్ తప్ప. తణుకులో ఇంటి అప్పు, తమ్ముడి ఫీజు, రాబోయే కాంట్రాక్టు రెన్యువల్ అన్నీ కళ్లముందు తిరిగాయి. ఫోన్‌తో చదివాను, తప్పుగా చదివాను, అందరికీ చెప్పాను అని రాసి సంతకం పెట్టాను. హెడ్ నర్సు చదివి, "ఆ మెసేజ్‌కి నేనూ బొటనవేలు పెట్టాను" అంది. ఆ తర్వాత పది రోజులు నిద్రపట్టలేదు. పదకొండో రోజు విచారణలో నిర్వహణవాళ్లకి ఒక నిబంధన పెట్టారు. నీటి మీద ఏ పని చేసినా ముందు మా యూనిట్ సంతకం తీసుకోవాలి. నాకు ఒక హెచ్చరిక లేఖ ఇచ్చారు.

ఇప్పటికీ ఫొటో తీస్తాను, మానలేదు. కానీ అద్దం తలుపు తీయించి, కాగితానికి ఎదురుగా నిలబడి తీస్తాను. కాగితంలో ఎన్ని వరుసలున్నాయో, అనువాదంలో ఎన్ని వచ్చాయో లెక్కపెడతాను. నీళ్లు, కరెంటు, ఆక్సిజన్, మందు అన్న మాటలు కనపడితే అరబీ వచ్చిన మనిషితో పైకి చదివిస్తాను. గ్రూపులో పెట్టేటప్పుడు "ఫోన్ ఇలా చెప్పింది, ఇంకా ఎవరూ చదవలేదు" అని రాస్తాను.

బాబా మంగళవారానికల్లా తిరిగొచ్చాడు. ఆ తర్వాతి వారం మనవడి ఒకటో తరగతి పుస్తకం తెచ్చాడు. మెషీన్ మీద ఉన్న నాలుగు గంటల్లో నేను ఆ మంచం వైపు వెళ్లినప్పుడల్లా ఓ అక్షరం చూపించి అడుగుతాడు. నేను తడబడితే, సూదుల్లేని చెయ్యెత్తి రెండువేళ్లు గాల్లో పొడుస్తాడు. "నుఖ్తతైన్, యా సిస్టర్! రెండు చుక్కలు!"