ఒరిగిన అంతస్తు మీద బరువు

కింద కార్ల పార్కింగ్, పైన ఫ్లాట్లు. గోడల్లేని ఆ కింది అంతస్తు ఎత్తు 3 మీటర్లు, దాని స్తంభాల మీది మొత్తం బరువు 600 టన్నులు అనుకుందాం. గాలి ఆ అంతస్తును 15 టన్నుల బలంతో పక్కకు తోస్తే, మామూలు లెక్కలో పైభాగం 12 మిల్లీమీటర్లు జరిగింది. ఈ లెక్క భవనం నిటారుగానే ఉందనుకుని చేసింది. కానీ ఒరిగాక 600 టన్నులూ 12 మిల్లీమీటర్లు పక్కకు తప్పి దిగుతాయి. అది 7.2 టన్ను-మీటర్ల భ్రామకం. పక్కనుంచి మరో 2.4 టన్నులు తోసినట్టే. దాంతో ఇంకో 1.9 మిల్లీమీటర్లు, ఆ జరుగుడుకు మరో 0.3... చివరికి 14.3 దగ్గర ఆగుతుంది. ఇదే పీ-డెల్టా.

ఇన్నిసార్లు లెక్కించక్కర్లేదు. 7.2ను 45తో (15 టన్నులు × 3 మీటర్లు) భాగిస్తే 0.16. ఒకటిలోంచి దాన్ని తీసేసి, 12ను ఆ 0.84తో భాగిస్తే అదే 14.3. గాలి వల్ల స్తంభాల్లో వచ్చే భ్రామకాలూ దాదాపు 19 శాతం పెరుగుతాయి, వదిలేయదగ్గది కాదు.

ఈ నిష్పత్తి 0.1 దాటకపోతే మొదటి లెక్క చాలంటుంది యూరోకోడ్. మన ఐఎస్ 456 అయితే 0.04 లోపుంటేనే అంతస్తు పక్కకు ఊగనిదిగా చూస్తుంది. కాంక్రీటు షియర్ వాల్ కట్టి జరుగుడును 3 మిల్లీమీటర్లకు తెస్తే సరిగ్గా 0.04 వస్తుంది.

అయితే పగుళ్లివ్వని కాంక్రీటు దృఢత్వంతో తీసిన 3 మిల్లీమీటర్లను నమ్మకండి. పగుళ్లొస్తే అది రెట్టింపు కావచ్చు.