బస్సులో మర్చిపోయిన బ్యాగు, ఒక ఇంగ్లిష్ పాఠం

మన బడుల్లో ఇంగ్లిష్ పీరియడ్ చాలాచోట్ల ఒకేలా నడుస్తుంది. టీచరు పేరా చదివి తెలుగులో అర్థం చెబుతారు. పిల్లలు వంతులవారీగా లేచి అదే పేరా పైకి చదువుతారు. చివర్లో ప్రశ్నలకు జవాబులు బోర్డు మీద కనిపిస్తే నోట్సులోకి ఎక్కించుకుంటారు. వినడం, మాట్లాడడం, చదవడం, రాయడం నాలుగూ జరిగినట్టే ఉంటుంది. కానీ పిల్లలు శ్రద్ధగా విన్నది తెలుగు వివరణను. పలికింది పుస్తకంలోని వాక్యాన్ని. రాసింది టీచరు జవాబును. తమకు తాముగా ఇంగ్లిష్‌లో ఒక మాట అర్థం చేసుకోవాల్సిన అవసరం గాని, చెప్పాల్సిన అవసరం గాని ఆ పీరియడ్ మొత్తంలో వాళ్లకు రాలేదు.

దీన్ని సరిచేయాలనుకునే టీచర్లు కొందరు పీరియడ్‌ను నాలుగు ముక్కలు చేస్తారు. పది నిమిషాలు కథ వినిపిస్తారు, పది నిమిషాలు పండుగ గురించి మాట్లాడిస్తారు, తర్వాత ఒక పేరా చదివించి, ఇంకేదో అంశం మీద వ్యాసం రాయిస్తారు. ఉద్దేశం మంచిదే. కాకపోతే ప్రతి ముక్కకూ కొత్త సందర్భం, కొత్త మాటలు కావాలి గనక ఉన్న సమయంలో సగం పరిచయాలకే పోతుంది. సమతూకమంటే నాలుగింటికీ సమానంగా నిమిషాలు పంచడం కాదని నా గట్టి అభిప్రాయం. ఒక మెట్టులో పిల్లలు సంపాదించింది తర్వాతి మెట్టుకు తప్పనిసరిగా కావాలి. వినకపోతే మాట్లాడడానికి ఏమీ ఉండకూడదు. మాట్లాడి తెలుసుకోకపోతే ఉత్తరం రాయలేకపోవాలి.

అలాంటి పాఠం ఒకటి తయారుచేసి చూద్దాం. ఎనిమిదో తరగతి, 40 మంది పిల్లలు, రెండు పీరియడ్లు కలిపి 90 నిమిషాలు. సంగతి చిన్నది. గుంటూరు నుంచి విజయవాడ వెళ్లే బస్సులో ఒక అబ్బాయి ప్రయాణించి, మంగళగిరిలో దిగిపోయాడు. బ్యాగు పైన ర్యాక్ మీదే ఉండిపోయింది. చివరికి పిల్లలు రాయాల్సింది ఆ బ్యాగు కోసం డిపో మేనేజరుకు ఉత్తరం. ఆ చివరి పనిని ముందు నిర్ణయించుకుని, దానికి ఏ వివరాలు, ఏ మాటలు కావాలో చూసుకుంటూ వెనక్కి రావాలి. స్ట్రాప్, ర్యాక్, టోర్న్ లాంటి మాటలు ఐదారు ముందే చెప్పేస్తే చాలు. సందర్భాన్ని బట్టి ఊహించగలిగిన వాటిని వదిలేయాలి.

వినడానికి రెండు వేర్వేరు సంభాషణలు ఫోనులో రికార్డు చేసుకోవాలి. ఒక్కోటి నిమిషానికి మించనక్కర్లేదు. తోటి టీచరు ఒకరు గొంతు కలిపితే సరిపోతుంది. మొదటి దాంట్లో అబ్బాయి బస్‌స్టాండ్ ఎంక్వైరీకి ఫోన్ చేసి తన ప్రయాణం, సీటు నంబరు, బ్యాగు ఆనవాళ్లు చెబుతాడు. రెండో దాంట్లో కండక్టరు విజయవాడలో బస్సు ఖాళీ అయ్యాక దొరికిన మూడు బ్యాగుల గురించి డిపోకు చెబుతాడు. సగం మంది తరగతిలో మొదటిది వింటారు, మిగతా సగం వరండాలో రెండోది వింటారు. రెండో ఫోను క్లాస్ లీడరుకు అప్పగించి, ఎన్నిసార్లు వినిపించాలో, ఎక్కడ ఆపాలో కాగితం మీద రాసిస్తే టీచరు రెండుచోట్లా తిరగొచ్చు. ఇలా విడదీసి వినిపించడం వల్ల ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియదు. తర్వాత వాళ్లు మాట్లాడుకోవడానికి నిజమైన కారణం అదే.

ఒక్కో రికార్డింగు మూడుసార్లు వినాలి. మొదటిసారి ఒకే ప్రశ్న: ఎవరు, ఎవరితో, ఎందుకు మాట్లాడుతున్నారు? రెండోసారి వింటూ చిన్న ఫారం నింపుతారు. టీచరు అప్పుడు ఫారాలు చూస్తూ తిరిగితే ఎక్కడ తెగిపోయిందో తెలిసిపోతుంది. చాలామంది సీటు నంబరు దగ్గర 13కు బదులు 30 వేస్తారు. తెలుగులో ఒక మాటలోని అక్షరాలన్నీ దాదాపు సమానమైన బరువుతో పలుకుతాం. ఇంగ్లిష్‌లో ఒకచోట నొక్కి, మిగతావి మింగేస్తారు. థర్టీలో బరువు మొదట పడుతుంది. థర్టీన్‌ను విడిగా పలికినప్పుడు బరువు చివర పడి, ఆ భాగం సాగుతుంది. ఈ తేడాను మన చెవికి ఎవరూ పరిచయం చేయలేదు. అలాగే ‘ఐ లెఫ్ట్ ఇట్ ఆన్ ద ర్యాక్’ అన్నది మామూలు వేగంలో ‘లెఫ్టిటాన్ద’ అని ఒకే మాటగా వినిపిస్తుంది. కాగితం మీద చూస్తే అందులో పిల్లలకు తెలియని మాట ఒక్కటీ లేదు. కాబట్టి మూడోసారి మొత్తం వినిపించకుండా తప్పిన ఆ రెండు మూడు ముక్కలే ఆపి ఆపి వినిపించాలి, తర్వాత ఆ వాక్యాన్ని బోర్డు మీద చూపించి మళ్లీ వినిపించాలి. జవాబు సరైనదా కాదా అని చెప్పి ముందుకు వెళ్లిపోతే పరీక్ష పెట్టినట్టవుతుంది, వినడం నేర్పినట్టు కాదు. అందుకే ఈ ఒక్క మెట్టుకు 25 నిమిషాలు ఇస్తాను.

తర్వాత 20 నిమిషాలు మాటలు. అబ్బాయి కాల్ విన్నవారు ఒకరు, కండక్టరు మాట విన్నవారు ఒకరు జతగా కూర్చుంటారు, వీపుకు వీపు ఆనించి. ఎదురెదురుగా కూర్చుంటే ఫారాలు చూపించుకుని పని ముగిస్తారు. రెండో విద్యార్థి ఎంక్వైరీ గుమాస్తా. దొరికిన మూడు బ్యాగుల్లో ఒకటి ఆకుపచ్చది, రెండు నీలం. నీలం రెంటిలోనూ స్టీలు టిఫిన్ బాక్సు ఉంది. 13వ సీటు పైన దొరికిన దానికి స్ట్రాప్ చిరిగింది, 30వ సీటు పైనదానికి బాగానే ఉంది. అంటే రంగు అడిగితే సరిపోదు, లోపల ఏముందో అడిగినా సరిపోదు. సీటు నంబరును ఎవరైనా తప్పుగా విని ఉంటే స్ట్రాప్ దగ్గర లెక్క కుదరదు. అప్పుడు మళ్లీ అడగాలి, సరిచూసుకోవాలి. ‘సారీ, డిడ్ యూ సే థర్టీన్?’ అనే వాక్యం అక్కడ అవసరంగా పుడుతుంది.

1979 నుంచి 1984 దాకా బెంగళూరు, మద్రాసు ప్రాంతాల బడుల్లో ఎన్.ఎస్. ప్రభు నడిపిన ప్రయోగం ఈ రంగంలో ప్రపంచమంతా ఎరిగినది. వ్యాకరణ సూత్రాల వరసలో కాకుండా రైల్వే టైంటేబుళ్లు, మ్యాపులతో పనులు చేయిస్తూ ఆయన ఇంగ్లిష్ నేర్పించారు. పిల్లలను జతలుగా మాట్లాడించడం మీద మాత్రం ఆయనకు అనుమానాలుండేవి. ఒకరి తప్పులు ఒకరికి అంటుకుంటాయన్నది ఆయన భయం. ఆ భయంలో నిజం ఉంది. ఆయన పద్ధతిలోనే దానికి కొంత విరుగుడు కూడా ఉంది: ముందు టీచరు తరగతి మొత్తంతో అలాంటి పనే ఒకటి చేయించేవారు, తర్వాత పిల్లలు సొంతంగా చేసేవారు. మన పాఠంలోనూ టీచరు ఒక విద్యార్థితో పోయిన గొడుగు గురించి అందరి ముందూ మాట్లాడి చూపాలి. ‘వాట్ కలర్ ఈజ్ ఇట్?’, ‘వాట్ ఈజ్ ఇన్‌సైడ్ ఇట్?’ లాంటి నాలుగు ప్రశ్నలు బోర్డు మీద ఉంచాలి. లేకపోతే ‘వాట్ యువర్ బ్యాగ్ కలర్?’ అన్నదే తరగతంతా పాకుతుంది.

జతలు మాట్లాడుతున్నప్పుడు మధ్యలో సరిదిద్దకూడదు. విన్న తప్పులను చిన్న పుస్తకంలో రాసుకోవాలి. తెలుగు వినిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఏం చేయాలో ఒకరికొకరు తెలుగులో చెప్పుకోవడం సహజమే. ప్రశ్న, జవాబు కూడా తెలుగులోకి జారితే మాత్రం నమూనా సరిపోలేదని అర్థం. రెండు నిమిషాలు అందరినీ ఆపి మళ్లీ చూపించాలి.

బ్యాగు దొరికింది. అబ్బాయి తన అన్నను పంపి తెప్పించుకోవచ్చా? టిఫిన్ బాక్సులో మిగిలిన అన్నం అలాగే ఉంటుందా? ఈ రెండు ప్రశ్నలు వేసి, అప్పుడు నోటీసు చేతికివ్వాలి. పాఠం కోసం టీచరు సొంతంగా రాసుకున్న వంద మాటల నోటీసు అది. ఆహారం ఉంచరని, వేరొకరు వస్తే సంతకం చేసిన ఉత్తరం కావాలని, ఆ ఉత్తరంలో ప్రయాణ తేదీ, సీటు నంబరు, రెండు ఆనవాళ్లు ఉండాలని అందులో ఉంటుంది. దీన్ని ఎవరికి వారు మౌనంగా చదవాలి. ఒకరు పైకి చదువుతుంటే మిగతా 39 మందిలో ఎక్కువమంది తమ వంతు ఎప్పుడొస్తుందా అని వాక్యాలు లెక్కపెడుతుంటారు. నోటీసు కష్టంగా ఉండకూడదు. పిల్లలు సాయం లేకుండా హాయిగా చదువుకోవాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలని పఠన పరిశోధనల్లో తేలింది. తరగతిలో టీచరు ఉంటారు గనక నాలుగైదు కొత్త మాటలున్నా ఇబ్బంది లేదు. పదిహేను నిమిషాలు చాలు.

ఇక ఉత్తరం, 20 నిమిషాలు, 60 నుంచి 80 మాటలు. అందరూ ఆ అబ్బాయి తరఫునే రాస్తారు. ఇక్కడే పాఠం బండారం బయటపడుతుంది. కండక్టరు మాట విన్న 20 మంది అబ్బాయి ఫోన్‌కాల్ విననేలేదు. వాళ్ల ఉత్తరాల్లో అతని ప్రయాణం గురించిన ప్రతి వివరం జతగాడి నోటి నుంచి రావాల్సిందే. ఆ ఉత్తరాల్లో సీటు నంబరు, మంగళగిరి, చిరిగిన స్ట్రాప్ సరిగ్గా ఉంటే వినడం, మాట్లాడడం రెండూ జరిగినట్టే. లేకపోతే ఏ మెట్టు విరిగిందో ఆ కాగితమే చూపిస్తుంది.

రాశాక ఉత్తరాలు వేరే జతకు మారాలి. చదివేవారు డిపో మేనేజరు స్థానంలో ఉండి, ఈ ఉత్తరాన్ని బట్టి సరైన బ్యాగు తీసివ్వగలనా అన్నది ఒక్కటే చూడాలి. తప్పుల సంగతి మిగిలిన పది నిమిషాల్లో టీచరు చూసుకుంటారు, అదీ ఒక్క రకం తప్పును. ఈ ఉత్తరంలో సహజంగా బయటపడేది ‘ఎ’, ‘ద’ గొడవ. మొదటిసారి చెప్పినప్పుడు ‘ఎ బ్లూ బ్యాగ్’, తర్వాత అదే బ్యాగు ‘ద బ్యాగ్’. తెలుగులో ఇలాంటి ఏర్పాటు లేదు గనక పిల్లలు రెంటినీ వదిలేస్తారు. వాళ్లు రాసిన వాక్యాలే ఐదు బోర్డు మీద పెట్టి సరిచేయిస్తే, ఎర్ర సిరాతో నిండిన 40 కాగితాల కంటే ఎక్కువ నిలుస్తుంది.

ఇంత చేసినా ఈ పాఠంలో ఒక లోటుంది. వచ్చిన భాషను వేగంగా, తడబడకుండా వాడే సాధన ఇందులో దాదాపు లేదు. పాల్ నేషన్ అనే భాషా శాస్త్రవేత్త కోర్సు సమయాన్ని వేరే రకంగా నాలుగు భాగాలు చేశారు: అర్థం కోసం వినడం, చదవడం ఒకటి, అర్థం కోసం మాట్లాడడం, రాయడం రెండోది, భాషా రూపాలను నేర్చుకోవడం మూడోది, తెలిసిన దానితో ధారాళత పెంచుకోవడం నాలుగోది. ఒక్క పాఠంలో కాకుండా కోర్సు మొత్తంలో ఇవి సమానంగా ఉండాలన్నారు. ఆ లెక్కన మర్నాడు అదే కథను ఒకరికి నాలుగు నిమిషాల్లో, ఇంకొకరికి మూడు, మరొకరికి రెండు నిమిషాల్లో చెప్పించవచ్చు. ఆ రోజు రాత పని లేకపోయినా నష్టం లేదు.

పదో తరగతి పబ్లిక్ పరీక్ష కాగితం మీద జరుగుతుంది. అందువల్ల చెవికీ నోటికీ సమయం టీచరు పట్టుబట్టి ఇస్తేనే దొరుకుతుంది. ప్రధానోపాధ్యాయులకు నా విన్నపం ఒకటే: ఇంగ్లిష్ తరగతి నుంచి ఇరవై జతల గోల వినిపిస్తే ఆపమని కబురు పెట్టకండి. ఒకసారి గుమ్మం దగ్గర నిలబడి, ఆ గోల ఏ భాషలో ఉందో వినండి.