చతురస్ర తరంగానికి కొమ్ములెందుకు మొలుస్తాయి

1898లో అమెరికన్ జర్నల్ ఆఫ్ సైన్స్‌లో ఆల్బర్ట్ మైకెల్సన్, శామ్యూల్ స్ట్రాటన్ అనే ఇద్దరు షికాగో భౌతికవేత్తలు తాము కట్టిన ఒక యంత్రాన్ని వర్ణించారు. చేతితో ఒక పిడి తిప్పితే 80 సైన్ తరంగాలను ఒకేసారి పుట్టించి, కలిపి, ఆ మొత్తాన్ని కాగితం మీద గీతగా గీసే యంత్రం అది. మైకెల్సన్‌కు దీని అవసరం కాంతి నుంచి వచ్చింది. ఆయన వ్యతికరణ పరికరంలో కనిపించే చారలు ఎంత స్పష్టంగా ఉన్నాయో కొలిచి, దాన్నిబట్టి ఆ కాంతిలో ఏ రంగులు ఏ పాళ్ళలో కలిశాయో చెప్పాలంటే, కొలిచిన వక్రాన్ని సైన్ తరంగాలుగా విడగొట్టక తప్పదు. కాగితం, పెన్సిలుతో ఆ లెక్క చేస్తే ఒక్కో వక్రానికి ఎంతో సమయం పడుతుంది. ఈ యంత్రం గీసిన బొమ్మల్లో అన్నిటికంటే ఆలోచింపజేసేది చతురస్ర తరంగం. సగం కాలం +1 వద్ద, మిగతా సగం −1 వద్ద నిలిచి, మధ్యలో నిట్టనిలువుగా దూకే తరంగమది. సైన్లతో దాన్ని కట్టబోతే దూకే చోట పక్కనే ఒక కొమ్ము లేస్తుంది. ఆ కొమ్ము యంత్రం తప్పా, గణితం తప్పా? రెండూ కాదని నా వాదన. తప్పు కాదని తేల్చుకునే పద్ధతి కూడా ఆ గీతల్లోనే ఉంది.

ముందు యంత్రం పని చేసే తీరు చూద్దాం. ఆవర్తన తరంగం ఏదైనా ఒక మూల పౌనఃపున్యం, దానికి రెట్టింపు, మూడింతలు, నాలుగింతలు, ఇలా సాగే సైన్ తరంగాల మొత్తం అన్నది ఫోరియర్ ప్రతిపాదన. ఈ గుణిజాలనే హార్మోనిక్‌లు అంటాం. యంత్రంలో శంకువు ఆకారంలో పేర్చిన 80 పళ్ళ చక్రాలు ఉంటాయి. పిడి తిప్పితే ఒకటో హార్మోనిక్ ఒకసారి ఊగే వ్యవధిలో మూడోది మూడుసార్లు, డెబ్భై తొమ్మిదోది డెబ్భై తొమ్మిది సార్లు ఊగేలా వాటి పళ్ళ లెక్క కుదిర్చారు. ఒక్కో చక్రం ఒక్కో కమ్మిని ఊపుతుంది. ఆ కమ్మి మీద జరిగే చిన్న కడ్డీని ఇరుసుకు దగ్గరగా పెడితే ఊపు చిన్నది, దూరంగా పెడితే పెద్దది. అంటే ఒక్కో హార్మోనిక్ ఎంత పాలు కలవాలో కడ్డీని జరిపి నిర్ణయిస్తాం. చివరికి ఒక్కో కడ్డీ ఒక చిన్న స్ప్రింగును లాగుతుంది. 80 చిన్న స్ప్రింగులు ఒక వైపు, వాటికి ఎదురుగా ఒకే ఒక పెద్ద స్ప్రింగు. లాగుళ్ళన్నీ కలిసిన ఫలితమే కలాన్ని పైకీ కిందికీ నడుపుతుంది.

స్ప్రింగులే ఎందుకన్నది చిన్న ప్రశ్న కాదు. అంతకు పాతికేళ్ళ ముందు లార్డ్ కెల్విన్ సముద్రపు ఆటుపోట్లను ముందుగా లెక్కగట్టే యంత్రం కట్టించాడు. భారత రేవుల కోసం కూడా అలాంటిదొకటి 1879లో ఇంగ్లండులోనే తయారైంది. వాటిలో తరంగాలను కలిపేది కప్పీల మీదుగా సాగే ఒకే తాడు. పది ఇరవై తరంగాలకు తాడు సరిపోతుంది. సంఖ్య పెరిగేకొద్దీ తాడు సాగడం, వంగడం వల్ల వచ్చే చిన్న చిన్న తేడాలు పేరుకుపోతాయి. 80 తరంగాలు కలపాలనుకున్న వాళ్ళు అందుకే తాడును వదిలేశారు. తప్పులు ఎక్కడినుంచి వస్తాయో ఇంత శ్రద్ధగా వెతికినవాళ్ళ యంత్రం మీద కనిపించిన కొమ్మును వెంటనే తప్పని కొట్టిపారేయలేం.

ఇక ఏ కడ్డీని ఎంత జరపాలి? ఈ లెక్కకు సూత్రాల పుస్తకం అక్కర్లేదు, బొమ్మ చాలు. తరంగంలో మూడో హార్మోనిక్ ఎంత ఉందో తెలియాలంటే తరంగాన్ని ఆ సైన్‌తో గుణించి సగటు చూడాలి. మొదటి అర్ధ కాలంలో చతురస్ర తరంగం +1 కనుక గుణిస్తే ఏమీ మారదు. ఆ అర్ధ కాలంలో మూడో హార్మోనిక్ ఒక గుట్ట, ఒక గుంట, మళ్ళీ ఒక గుట్టగా నడుస్తుంది. ఒక గుట్టను గుంట పూడ్చేస్తుంది, ఒక గుట్ట మిగులుతుంది. దాని వెడల్పు ఒకటో హార్మోనిక్ గుట్టలో మూడో వంతు, కాబట్టి వైశాల్యమూ మూడో వంతే. రెండో అర్ధ కాలంలో తరంగమూ, సైనూ రెండూ తలకిందులవుతాయి కనుక లబ్ధం మారదు. ఐదో హార్మోనిక్‌కు ఐదు మడతలు, నాలుగు రద్దయి ఒకటి మిగిలితే ఐదో వంతు. రెండో హార్మోనిక్‌కు ఒక గుట్ట, ఒక గుంట, మిగిలేది సున్న. సరి సంఖ్య హార్మోనిక్‌లు అన్నిటికీ ఇదే గతి. అలా చతురస్ర తరంగపు వర్ణపటంలో 1, 3, 5, 7 దగ్గర మాత్రమే గీతలు నిలుస్తాయి. వాటి ఎత్తులు 1, 1/3, 1/5, 1/7 నిష్పత్తిలో తగ్గుతాయి, సరి స్థానాలు ఖాళీ. ఒకటో హార్మోనిక్ అసలు ఎత్తు 4/π, అంటే 1.27. భాగం మొత్తం కంటే పెద్దదేమిటని ఆశ్చర్యం కలగవచ్చు. గుట్ట నడినెత్తిన మూడోది 0.42 మేరకు దాన్ని కిందికి లాగి 0.85 చేస్తుంది. ఐదోది 0.25 పైకి లేపి 1.10 చేస్తుంది. ఏడోది మళ్ళీ కిందికి. ఇలా పైకీ కిందికీ ఊగుతూ మధ్య భాగం 1 దగ్గర సర్దుకుంటుంది.

ఇక్కడ ఒక పాత అభ్యంతరం ఎదురవుతుంది. ఈ సైన్లు తరంగంలో నిజంగా ఉన్నాయా, లేక మనం లెక్క కోసం ఊహించుకున్నవా? ఒక సెకనుకు 1000 ఆవర్తనాలు పూర్తిచేసే చతురస్ర వోల్టేజిని ఒక వడపోత సర్క్యూట్‌కు ఇద్దాం. అది 3000 హెర్ట్జ్ దగ్గర మాత్రమే స్పందించేదైతే చక్కని 3000 హెర్ట్జ్ సైన్ తరంగం బయటికి వస్తుంది. దాని ఎత్తు ఒకటో హార్మోనిక్ ఎత్తులో మూడో వంతు. అదే వడపోతను 2000 దగ్గరికి తిప్పితే ఏమీ రాదు. కంపించే ఏ వస్తువైనా తనకు అనువైన పౌనఃపున్యాన్నే పట్టుకుని ఊగుతుంది, మన సూత్రం దానికి తెలియదు. ఒకవేళ 2000 దగ్గర నిజంగానే చిన్న గీత కనిపిస్తే సిద్ధాంతాన్ని అనుమానించేముందు తరంగాన్ని అనుమానించాలి. పై సగం, కింది సగం సరిసమానంగా లేకపోతే గుట్టా గుంటా పూర్తిగా రద్దు కావు. పై భాగం 50 శాతానికి బదులు 49 శాతం కాలమే నిలిచినా, రెండో హార్మోనిక్ ఒకటోదాని ఎత్తులో సుమారు 3 శాతం మేరకు తలెత్తుతుంది. వర్ణపటంలో సరి గీత కనిపించిందంటే గడియారపు పల్స్ కుంటుతోందని ఇంజనీర్లు గుర్తుపట్టేది ఇలాగే.

ఇప్పుడు కొమ్ము సంగతి. ఒకటో హార్మోనిక్ ఒక్కటే ఉన్నప్పుడు శిఖరం 1.273. మూడోది కలిపితే 1.200. ఐదోది కూడా కలిపితే 1.188. తగ్గుతోంది కదా, ఇలాగే 1కి దిగుతుందని ఎవరైనా అనుకుంటారు. కానీ 40 బేసి హార్మోనిక్‌లు, అంటే ఆ యంత్రం మోయగలిగినన్ని కలిపినా శిఖరం 1.179 దగ్గరే ఆగుతుంది. 4000 కలిపినా అంతే. దూకుడు మొత్తం ఎత్తు 2 కనుక, దానిలో దాదాపు 9 శాతం అదనంగా పైకి పొడుచుకుంటుంది. మారేది ఎత్తు కాదు, చోటు. మూడు హార్మోనిక్‌లతో శిఖరం దూకుడు నుంచి ఆవర్తన కాలంలో 12వ వంతు దూరంలో ఉంటే, 40తో 160వ వంతు దూరానికి జరుగుతుంది. ఇదే మనకు కావలసిన పరీక్ష. యంత్రదోషం యంత్రాన్ని బట్టి మారుతుంది. స్ప్రింగు మారిస్తే, పళ్ళ చక్రం అరిగితే కొమ్ము ఎత్తు అటూ ఇటూ కావాలి, అది ఎక్కడ పడితే అక్కడ లేవాలి. ఈ కొమ్ము మాత్రం కలిపిన హార్మోనిక్‌ల సంఖ్యను బట్టి కచ్చితంగా చెప్పిన చోటికి జరుగుతూ, ఎత్తు మాత్రం వదలదు. ఉక్కు స్ప్రింగులకు అంతటి క్రమశిక్షణ ఉండదు.

మైకెల్సన్ ఈ కొమ్మును చూసి మొదట తన యంత్రమే చెడిందనుకున్నాడని ఒక కథ చాలాచోట్ల కనిపిస్తుంది. దాన్ని నేను నమ్మను. 1898 అక్టోబరులో నేచర్ పత్రికకు ఆయన రాసిన లేఖలో యంత్రం ప్రస్తావనే లేదు. ఏటవాలుగా పెరిగి ఒక్కసారిగా కూలే మరో తరంగాన్ని తీసుకుని, దూకుడు దగ్గర శ్రేణి మొత్తం ఎటు పోతుందని ఆయన గణితపరంగానే ప్రశ్నించాడు. గణితవేత్త లవ్, మైకెల్సన్ పొరపడ్డాడని జవాబిచ్చాడు. యేల్ విశ్వవిద్యాలయపు జోసయా విల్లార్డ్ గిబ్స్ అదే ఏడాది డిసెంబరులో కలగజేసుకున్నాడు, కానీ మొదటి లేఖలో ఆయన కూడా కొమ్మును వదిలేశాడు. 1899 ఏప్రిల్‌లో ఆ పొరపాటును తానే దిద్దుకుంటూ అసలు మాట చెప్పాడు: వక్రాల వరస చేరుకునే హద్దు గీత, దూకుడు రెండు చివరలనూ దాటి పొడుచుకు వస్తుంది. 1906లో గణితవేత్త బోషర్ దీనికి గిబ్స్ పేరు పెట్టాడు. నిజానికి హెన్రీ విల్‌బ్రహామ్ అనే ఆంగ్లేయుడు 1848లోనే ఈ లెక్క కట్టి ప్రచురించాడు, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆ నిర్లక్ష్యం నాకు బాధ కలిగిస్తుంది. గీతగా కళ్ళముందు నిలిచేవరకు ఒక సరైన లెక్క అరశతాబ్దం పుస్తకంలోనే పడి ఉంది.

అయితే ఫోరియర్ ప్రతిపాదన తప్పని తేలినట్టేనా? నునుపైన సైన్లు కోసుకున్నట్టుండే మూలను ఎలా కడతాయని 1807లోనే లగ్రాంజ్ ఎదురు నిలిచాడు, కొమ్ము ఆయన పక్షాన సాక్ష్యం చెబుతున్నట్టు కనిపిస్తుంది. ఇక్కడ రెండు ప్రశ్నలను విడదీయాలి. దూకుడు కాని ఏ ఒక్క క్షణాన్నయినా ఎంచుకుని అక్కడే కాపలా కాస్తే, హార్మోనిక్‌లు పెరిగేకొద్దీ కొమ్ము మనల్ని దాటి దూకుడు వైపు జరిగిపోతుంది. ఆ తర్వాత మన దగ్గర మిగిలేది 1 మాత్రమే. సరిగ్గా దూకే క్షణంలో మొత్తం మధ్యలో, సున్న దగ్గర నిలుస్తుంది. క్షణం క్షణంగా చూస్తే ఫోరియర్ మాట నిలబడింది. వక్రమంతా ఒకేసారి పట్టి చూస్తే మాత్రం ఎక్కడో ఒకచోట ఆ 0.18 తేడా ఎప్పుడూ ఉంటుంది. శక్తి లెక్కలో చూస్తే భయం ఇంకా తగ్గుతుంది. ఒకటో హార్మోనిక్ ఒక్కటే మొత్తం శక్తిలో 81 శాతం మోస్తుంది, మూడోది 9 శాతం. 40 కలిపాక మిగిలిపోయేది సుమారు అర శాతం. కొమ్ము ఎత్తు తగ్గకపోయినా సన్నబడిపోతుంది కనుక దానిలో ఉన్న శక్తి సున్నకు చేరుతూ పోతుంది.

అసలు కొమ్ముకు మూలం హఠాత్తుగా ఆపడం. డెబ్భై తొమ్మిదో హార్మోనిక్‌ను దానికి రావలసిన పాలు పూర్తిగా ఇచ్చి, ఎనభై ఒకటోదానికి ఏమీ ఇవ్వకుండా తెంచేస్తున్నాం. హంగేరీకి చెందిన లిపోట్ ఫేయెర్ 1900లో, ఇరవై ఏళ్ళ వయసులో, దీనికి మందు చూపాడు. పాళ్ళను క్రమంగా తగ్గించాలి. షికాగో యంత్రం మీదైతే ఒకటో కడ్డీని రావలసినదానిలో 80/81 వంతు, మూడోదాన్ని 78/81, ఇలా దిగుతూ డెబ్భై తొమ్మిదోదాన్ని 2/81 వంతు దగ్గర నిలిపితే చాలు. అప్పుడు పిడి తిప్పితే కలం ఎక్కడా 1ని దాటదు. బదులుగా −1 నుంచి +1కి ఎక్కే గీత మునుపటంత నిటారుగా ఉండదు, మెట్టు కాస్త వాలుతుంది.