దేవుడి మీద ఫిర్యాదు దేవుడికే

సొంత మనిషి హఠాత్తుగా పోయిన ఇంట్లో ఆదరణ కూడిక జరిగితే చాలాసార్లు చదివేది 23వ కీర్తన. అదే గ్రంథంలో 88వ కీర్తన కూడా ఉంది. దాని జోలికి వెళ్లేవారు తక్కువ. ఎజ్రాహీయుడైన హేమాను పేరుతో ఉన్న ఆ కీర్తనలో భక్తుడు తనను గోతిలో పడేసింది దేవుడేనని, స్నేహితులను దూరం చేసింది కూడా ఆయనేనని నేరుగా అంటాడు. రాత్రీ పగలూ మొరపెట్టినా జవాబు రాలేదంటాడు. చివరికి ఊరట మాట ఒక్కటీ లేకుండా, చీకటి ప్రస్తావనతోనే ఆ కీర్తన ఆగిపోతుంది. దాన్ని రాసినవారికి విశ్వాసం లేదని ఎవరూ అనలేదు, గ్రంథంలోంచి తీసేయనూ లేదు.

150 కీర్తనల్లో ఇంచుమించు మూడో వంతు ఇలాంటి విలాపాలే. వాటిలో చాలా వాటికి ఒక నడక ఉంటుంది. ముందు దేవుణ్ణి పిలవడం, తర్వాత జరిగింది చెప్పి నిలదీయడం, ఆపైన ఫలానాది చేయమని అడగడం, ఎందుకు చేయాలో కారణం చూపడం, చివరగా నమ్మకపు మాట. ఆరు వచనాల 13వ కీర్తనలోనే ఇదంతా ఉంది. ఇంకా ఎంతకాలమని మొదట్లోనే నాలుగుసార్లు అడిగిన మనిషి, చివరికి పాడతానంటాడు.

ఇప్పుడు తమ్ముణ్ణి పోగొట్టుకున్న ఒక అక్కను ఊహించుకుందాం. ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ “అంతా దేవుని చిత్తమమ్మా, ఏడవకు” అంటున్నారు. స్తుతించబోతే నోరు రావడం లేదు. ఆమె ప్రార్థన ఇలా ఉండొచ్చు:

“ప్రభువా, నిన్ను పిలవాలని లేదు. కానీ ఇంకెవర్ని పిలవను? మంగళవారం రాత్రి తమ్ముడు అన్నం తిని పడుకున్నాడు. తెల్లారేసరికి ఒళ్లు చల్లబడిపోయింది. ఆ రాత్రి నువ్వెక్కడున్నావు? వాడికి జ్వరమొస్తేనే ఇంటిల్లిపాదీ మోకరించేవాళ్లమే, ఈసారి ప్రార్థన చేసే వ్యవధి కూడా ఎందుకివ్వలేదు? వాడి కూతురు నాన్నెప్పుడొస్తాడని అడుగుతోంది. ఏం చెప్పాలో నువ్వే చెప్పు. నువ్వు మంచివాడివని పాడదామంటే గొంతు పెగలడం లేదు. మరదలికి ఈ రాత్రయినా నిద్రపట్టించు. ఆ బిడ్డకు తోడుండు. నాకు జవాబివ్వు. మా అమ్మ నిన్ను నమ్ముకునే మమ్మల్ని పెంచింది, ఆమె నమ్మకం వృథా అయిందని అనిపించుకోకు. రేపూ వచ్చి ఇదే అడుగుతాను.”

ఈ ప్రార్థనలో మంగళవారం ఉంది, బిడ్డ అడిగిన ప్రశ్న ఉంది. కీర్తనల్లో ఎండిన నాలుక, కన్నీళ్లతో తడిసిన పరుపు కనిపించేది కూడా ఇందుకే. “కష్టాల్లో ఉన్నాం, ఆదరించు” అని పైపైన చెప్పేస్తే దుఃఖం లోపలే ఉండిపోతుంది. అలాగే, నిలదీసిన ప్రతిసారీ వెంటనే “క్షమించు ప్రభువా” అని వెనక్కి తగ్గితే చెప్పాల్సింది సగంలోనే తెగిపోతుంది. తల్లి నమ్మకాన్ని గుర్తుచేయడం బేరమాడటంలా అనిపించవచ్చు. కానీ విలాప కీర్తనల్లో అది మామూలే. మృతులు నిన్ను స్తుతించలేరు కదా, శత్రువులు నవ్వుతారు కదా అని వాళ్లు దేవుడితో వాదిస్తారు.

ఆమె నమ్మకపు మాటతో ముగించలేదు. ఇక్కడే మనవాళ్లు తొందరపడతారు. ఎవరో ఒకరు “అయినా నీకే మహిమ అని చెప్పమ్మా” అని అందిస్తారు. 13వ కీర్తనలో నిలదీతకూ పాటకూ నడుమ ఏం జరిగిందో అందులో రాసి లేదు. అలాంటి చోట యాజకుడు దేవుని తరఫున ఆదరణ మాట చెప్పి ఉంటాడని జర్మన్ పండితుడు యోఆఖిమ్ బెగ్రిఖ్ 1934లో ప్రతిపాదించాడు. ఆ ఊహను అందరూ ఒప్పుకోలేదు. నాకు మాత్రం అందులో ఒక సంగతి నిజమనిపిస్తుంది: నలిగిన మనిషి ఆ మలుపును తనంతట తాను, అదీ అడిగిన పూటకే, పుట్టించుకోలేడు. వచ్చేదాకా హేమాను కీర్తనలా మధ్యలోనే ఆగిన ప్రార్థన కూడా ప్రార్థనే.

దేవుడి గురించి చుట్టుపక్కలవాళ్ల దగ్గర సణగడం వేరు, ఆయన్నే అడగడం వేరు. యోబు గ్రంథం చివర్లో దేవుడు కోప్పడింది తనను నిలదీసిన యోబు మీద కాదు, తన తరఫున వాదించిన స్నేహితుల మీద. మొదట ఏడు రోజులూ వాళ్లు యోబు పక్కన నేల మీద మాట్లాడకుండా కూర్చున్నారు. అప్పటిదాకా వాళ్లలో తప్పేమీ లేదు. ఆ అక్క ఇంటికి వెళ్లేవాళ్లు చేయగలిగిందీ అదే. ఆమె అడిగితే 88వ కీర్తన చివరిదాకా చదివి, దానికి ముక్తాయింపుగా ఏమీ చేర్చకుండా బైబిలు మూయాలి. ఆమె నిలదీస్తుంటే మధ్యలో “ఆమేన్” అని ఆపకూడదు.