నట్టు బిగువుకీ ఓ లెక్కుంది

హైవే పక్కన పంక్చర్ షాపులో చక్రం మార్చాక, కుర్రాడు వీల్ స్పానర్ మీదికెక్కి ఓ తొక్కు తొక్కితే గానీ మనకు ధైర్యం చాలదు. ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదనుకుంటాం. అది పొరపాటు.

నట్టు బిగిస్తుంటే బోల్టు ఇసుమంత సాగుతుంది. సాగిన బోల్టు స్ప్రింగులా వెనక్కి లాగుతూ చక్రాన్ని హబ్బుకు అదిమి పట్టుకుంటుంది. బండి బరువునూ బ్రేకు దెబ్బనూ తట్టుకునేది ప్రధానంగా ఆ చక్రానికీ హబ్బుకీ మధ్య ఉన్న రాపిడే. బిగువు చాలకపోతే చక్రం వెంట్రుకవాసి జరుగుతూ, ఆ కదలికకు నట్టు ఇంకా వదులవుతుంది. మితిమీరితే బోల్టు శాశ్వతంగా సాగిపోయి పట్టు కోల్పోతుంది.

మీ కారు మాన్యువల్‌లో 110 న్యూటన్ మీటర్లు అని ఉందనుకుందాం. స్పానర్ పొడవు 25 సెంటీమీటర్లయితే, దాని చివర సుమారు 45 కిలోల బలం చాలు. 70 కిలోల మనిషి పూర్తి బరువుతో దానిపై నిలబడితేనే 170 దాటుతుంది, ఇక తొక్కితే చెప్పేదేముంది! మరల మీద నూనె రాస్తే ఇంకా ప్రమాదం. రాపిడి తగ్గి, అదే 110కి బోల్టు మరింత సాగుతుంది. అందుకే మాన్యువల్ చెప్తే తప్ప నూనె, గ్రీజు వద్దు.

వరసగా పక్కపక్క నట్లు బిగిస్తే చక్రం ఓ వైపు ఒరిగి కూర్చుంటుంది. అయిదు నట్లుంటే ఒకటి, మూడు, అయిదు, రెండు, నాలుగు క్రమంలో వెళ్లాలి. గీత గీస్తే నక్షత్రం వస్తుంది. నాలుగే ఉంటే ఎదురెదురుగా. ముందు చేత్తో తిప్పి, స్పానర్‌తో కొంత బిగించి, జాకీ దించి టైరు నేలకు ఆనాక అదే క్రమంలో టార్క్ రెంచ్ టిక్కుమనేదాకా బిగించాలి. ఎయిర్ గన్ ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. హెచ్చుతగ్గులుగా బిగిస్తే బ్రేకు డిస్కు వంకరపోయి, బ్రేకు నొక్కినప్పుడు పెడల్ అదురుతుంది.

సరిగ్గా బిగించినా పని అయిపోలేదు. హబ్బు మీది తుప్పు, మట్టి, చక్రం మీది రంగు పొర బరువుకు నలిగి కాస్త పలచబడతాయి. ఆ మేరకు బోల్టు సాగుదల తగ్గి, బిగువు తగ్గుతుంది. అందుకే 50 నుంచి 100 కిలోమీటర్లు తిరిగాక, చక్రం చల్లగా ఉన్నప్పుడు మళ్లీ రెంచ్ వేయాలి. నట్లు వదులు చేయక్కర్లేదు. నట్టు కదలకుండానే టిక్కుమంటే సరే. ఒకటి రెండు కాస్త తిరిగితే సర్దుకున్నట్టు. మళ్లీ మళ్లీ తిరుగుతుంటే మాత్రం చక్రం విప్పి హబ్బును, బోల్టులను చూడాల్సిందే.

మధ్యలో చక్రం దగ్గర టక్‌టక్ శబ్దం, కొత్తగా వణుకు, నట్ల చుట్టూ తుప్పు చారలు కనిపిస్తే ఇంటిదాకా నెట్టుకురావద్దు. అక్కడే ఆపండి.