మూడు రంగుల మారియో

1981లో వచ్చిన ‘డాంకీ కాంగ్’ ఆటలో మారియో బొమ్మకు దక్కిన చోటు అడ్డం 16, నిలువు 16 గడులు. రంగులు మూడే. అంత ఇరుకులో నోరు గీయడం కుదరక, షిగెరు మియామోటో పెద్ద ముక్కు కింద మీసం పెట్టాడు. జుట్టు బాధ లేకుండా టోపీ తొడిగాడు. చొక్కాకు ఒక రంగు, ఓవరాల్స్‌కు ఇంకోటి ఇవ్వడంతో పరుగులో చేతుల ఊపు కనిపించింది.

కొత్తవారూ అన్ని గడులతోనే మొదలుపెట్టవచ్చు. ముందు ఒకే ముదురు రంగుతో ఆకారమంతా నింపాలి. తల సగం ఎత్తున్నా తప్పులేదు. ఆ నీడలోనే మనిషి పోలిక రాకపోతే రంగులేమీ కాపాడలేవు.

తర్వాత చర్మానికి లేత రంగు, చొక్కాకు మధ్యస్థం. చేయి ఒంట్లో కలిసిపోతోందా? బొమ్మను నలుపు తెలుపులోకి మార్చితే గుట్టు తెలుస్తుంది. ఎరుపూ నీలమూ ఒకే బూడిద రంగుగా కనిపిస్తే, ఒకదాన్ని లేతగా చేయాలి.