ఆస్పత్రి బిల్లు సరే, కౌలు ఎవరు కట్టాలి?

ఆరోగ్య బీమా ఉన్న కుటుంబానికి ప్రమాద బీమా, తీవ్ర వ్యాధుల బీమా కూడా కావాలా? శుక్రవారం లోపు తేల్చి రాయమని ఎడిటర్ పురమాయించారు. పాలసీ కాగితాలు ముందేసుకుంటే ఒక్క వాక్యం దగ్గర ఆగిపోయాను. 'ప్రమాదం' అంటే ఏమిటో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ చెప్పిన నిర్వచనం అది. ఆకస్మికంగా, అనుకోకుండా, తన ప్రమేయం లేకుండా, బయటి నుంచి వచ్చిన, కంటికి కనిపించే, బలమైన కారణం వల్ల జరిగినదే ప్రమాదం.

ఈ వాక్యాన్ని గుంటూరు మిరప చేలోకి తీసుకెళ్లి చూడండి. ట్రాక్టర్ తిరగబడినా, మోటారు దగ్గర కరెంటు షాక్ కొట్టినా పేచీ ఉండదు. నల్ల తామర పురుగుకు పొద్దుటి నుంచి మందు కొట్టిన మనిషి సాయంత్రానికి నోట చొంగతో, ఊపిరాడక పడిపోతే? గంటల తరబడి ఒంట్లోకి దిగిన విషాన్ని ఆకస్మికం అనలేమని కంపెనీ వాదించవచ్చు. అంతకంటే పెద్ద అనుమానం, తనే తాగాడేమోనని. ప్రమాద బీమా ఆత్మహత్యకు వర్తించదు.

ఆ అనుమానానికి ఈ నేలమీద చరిత్ర ఉంది. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేశాక గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు పురుగుమందు తాగి చనిపోయారు. కానీ 2017లో మహారాష్ట్రలోని యవత్మాల్‌లో పత్తి కూలీలు చనిపోయింది తాగి కాదు, పిచికారీ చేస్తూనే.

అందుకే క్లెయిమ్ తలరాత చాలావరకు ఆస్పత్రి అత్యవసర విభాగంలో రాసే మొదటి కాగితం మీదే తేలుతుంది. తీసుకెళ్లినవాళ్లు కంగారులో 'మందు కేసు' అంటే, అదే కేస్ షీట్‌లోకి ఎక్కవచ్చు. ఏ మందు, ఎంతసేపు కొట్టాడు, గాలి ఎటు వీచింది, ఎప్పుడు పడిపోయాడు, జరిగింది జరిగినట్టు డాక్టరుకు చెప్పాలి. లేబుల్ ఉన్న డబ్బా వెంట తీసుకెళ్లాలి. వైద్యానికీ అది అవసరం. ప్రాణం పోతే పోలీసులకు చెప్పకుండా, పోస్టుమార్టం లేకుండా అంత్యక్రియలు చేస్తే రుజువు అక్కడితో సరి.

ఇక చావు దాకా రాని దెబ్బ. మూడెకరాల సొంత పొలం, నాలుగెకరాల కౌలు ఉన్న రైతుకు కాయ కోత ముందు కాలు విరిగిందనుకుందాం. ఆపరేషన్ ఖర్చు ఎన్టీఆర్ వైద్య సేవో, సొంత ఆరోగ్య బీమానో చూసుకుంటుంది. మూడు నెలలు మంచంలో ఉంటే అదనపు కూలి, కౌలు, వడ్డీ ఆ రెండింటిలో ఏదీ ఇవ్వదు. 20 రూపాయల ప్రధానమంత్రి సురక్షా బీమా కూడా పైసా ఇవ్వదు, ఎందుకంటే కాలు విరిగింది గాని పోలేదు. 2021 నుంచి ఉన్న 'సరళ్ సురక్షా బీమా' పది లక్షలకు తీసుకుని, తాత్కాలిక అశక్తత ఐచ్ఛికాన్ని జోడిస్తే, వారానికి బీమా మొత్తంలో 0.2 శాతం, అంటే 2,000 రూపాయలు వస్తుంది. పన్నెండు వారాలకు 24,000. నష్టమంతా పూడదు, కానీ కూలీల బాకీ కొంతైనా తీరుతుంది. దరఖాస్తులో చేసే పని దాచకూడదు. ట్రాక్టర్ తోలితే తోలుతానని, మందు కొడితే కొడతానని రాయాలి.

తీవ్ర వ్యాధుల బీమా మీద నాకంత నమ్మకం కుదరలేదు. నిర్ణీత జబ్బు తేలితే ఒకేసారి మొత్తం ఇస్తుంది నిజమే. అయితే కిడ్నీల విషయమే చూడండి. రెండూ తిరిగి బాగుపడనంతగా చెడి, క్రమం తప్పని డయాలసిస్ మొదలైతేనో, మార్పిడి జరిగితేనో డబ్బు. క్రియాటినిన్ పెరిగి, పొలం పని చేయలేక కూర్చున్న ఏళ్లకు ఏమీ లేదు. పక్షవాతమైతే లోపం కనీసం మూడు నెలలు నిలవాలి. పాలసీ తీసుకున్న మొదటి 90 రోజుల్లో బయటపడిన జబ్బు సాధారణంగా లెక్కలోకి రాదు. ఒక్కరి జీతంతో నడిచే ఇంట్లో, ఇంటి అప్పు మీదుంటే, నలభై దాటకముందే తీసుకోవడంలో అర్థం ఉంది. వ్యవసాయ కుటుంబం మాత్రం ముందు ప్రమాద బీమా తీసుకోవాలి, అదీ భార్యాభర్తలిద్దరి పేరునా. 2020 మే 14న ప్రకాశం జిల్లా నాగులుప్పలపాడు మండలంలో మిరప కూలీల ట్రాక్టర్ కరెంటు స్తంభాన్ని ఢీకొని కనీసం 9 మంది చనిపోయారు. ఆడవాళ్లు పనికి వెళ్లేది అలాంటి ట్రాక్టర్లు, ఆటోల మీదే.

20 రూపాయల బీమా

ప్రధానమంత్రి సురక్షా బీమా 2015లో 12 రూపాయలతో మొదలై, 2022 జూన్ నుంచి 20 అయింది. 18 నుంచి 70 ఏళ్ల వారికి. ప్రమాదంలో మరణిస్తే 2 లక్షలు, ఒక కన్నో చెయ్యో కాలో పూర్తిగా పోతే లక్ష. ఏటా జూన్ 1 నాటికి ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. భర్త ఖాతాలో కోసుకున్న 20 రూపాయలు భార్యకు వర్తించవు. ఆమె ఖాతా నుంచి వేరుగా కట్టాలి. రోడ్డు ప్రమాదానికి పోలీసు నివేదిక ఉండాలి. పాము కాటుకు, చెట్టు మీంచి పడినదానికి వెంటనే చూపించిన ఆస్పత్రి రికార్డు చాలు. క్లెయిమ్ ఫారం 30 రోజుల్లోగా బ్యాంకులో ఇవ్వాలి.